బలమైనదానికి సూదెందుకు

అశోక్‌నగర్‌లో నా గది మూడో అంతస్తు మీద, డాబా పైన ఉండేది. రేకుల కప్పు, ఒక కిటికీ, బయట నీళ్ల ట్యాంకు. పశువైద్యంలో డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం రాక, సర్కారు పరీక్ష కోసం చదువుకుంటూ తొంభైల మధ్యలో ఆ గదిలో రెండేళ్లున్నాను. చుట్టూ హాస్టళ్లు, వాటి నిండా నాలాగే పరీక్షలకు వచ్చినవాళ్లు. కానీ వాళ్లంతా చదివేది చరిత్ర, భూగోళం, రాజ్యాంగం. నేను చదివేది గొర్రెల పేగుల గురించి. చిక్కడపల్లి గ్రంథాలయంలో వాళ్లు పదిమంది ఒక చెట్టు కింద చేరి ప్రశ్నలు అడుక్కుంటుంటే, నేను గోడవారన కూర్చుని నాకు నేనే అడుక్కుని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తప్పు చెప్పినా దిద్దే దిక్కు లేదు.

కొన్ని రోజులు నా నోటి నుంచి "ఒక చాయ్" అన్న మాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు. ఆదివారాలు అది కూడా ఉండేది కాదు, ఎందుకంటే మా సందు చివరి చాయ్ దుకాణం ఆదివారం మూసేవారు. మెస్సు నుంచి క్యారియర్ తెచ్చే మనిషి మూడంతస్తులు ఎక్కనని మొదటి నెలలోనే తేల్చి చెప్పి, కింద గేటుకు తగిలించి గంట కొట్టి పోయేవాడు. నేను దిగేసరికి పప్పు చల్లారి మీగడ కట్టేది. ఒంటరితనం అంటే ఏదో గొప్ప బాధ అనుకుంటారు గానీ, నాకు మాత్రం అది చల్లారిన పప్పు. రోజూ తినాలి, రుచి ఉండదు, ఎవరితోనూ చెప్పుకునేంత విషయమూ కాదు.

కిటికీలోంచి చూస్తే దోమలగూడ వైపు ఒక ఖాళీ ప్లాటు కనిపించేది. చుట్టూ ప్రహరీ, లోపల ఒక రేకుల పాక, ఒక వేపచెట్టు, తొమ్మిది గొర్రెపిల్లలు. ప్లాటు యజమాని ఎక్కడో ఉండేవాడు. కాపలాకు ఒక అవ్వను పెట్టాడు. అవ్వది గొర్రెలు కాసే కులమే. మొగుడు పోయాక ఊరు విడిచి పట్నం వచ్చి, ఏటా మార్చిలో మూడు నెలల పొట్టేలుపిల్లలను తెచ్చి, మేపి, బోనాలకు అమ్మేది. ఆ ఏడాది వాటిని కిటికీలోంచి వారం రోజులు చూశాక మనసాగలేదు. ఒక పొద్దున గేటు తోసుకుని లోపలికి వెళ్లాను.

"ఎవరు బిడ్డా?" అంది అవ్వ, కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని.

"పక్కన మూడంతస్తుల ఇంట్ల కిరాయికుంటున్న అవ్వా. పశువుల డాక్టర్ చదివిన."

"ఆడిపిల్లవు. పశువులకా?" అని నన్ను కిందికీ మీదికీ చూసి, "కూసో, చాయ్ తాగుతవా?" అంది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే చాయ్ అక్కడే. ఆమె నన్ను డాక్టరమ్మా అని పిలిచేది. పరీక్ష కూడా రాయని నన్ను హైదరాబాదు మొత్తంలో డాక్టర్ అన్నది ఆమె ఒక్కతే. ఆ పిలుపు కోసం నేను ఎంత దూరం పోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అవ్వకు ఒక మొక్కు ఉంది. రెండేళ్ల కింద ఆమె కళ్లకు పొర కమ్మి, మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టే దాకా వచ్చిందట. ఆపరేషన్‌కు పోయేముందు పోచమ్మకు మొక్కుకుంది, చూపొస్తే మందలో అందరికంటే ముందు నిలిచేదాన్ని ఇస్తానని. చూపొచ్చింది. కానీ కిందటేడు బోనాల నాటికి ఆమె జ్వరంతో పడుకుని ఉండడంతో మొక్కు తప్పింది. ఈ ఏడు కూడా తప్పితే తల్లి ఇచ్చిన చూపు తల్లే తీసుకుంటుందని ఆమె నమ్మకం. అందుకే ఆ తొమ్మిదింటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని, గోధుమరంగు పొట్టేలుపిల్లను, వచ్చిన రోజే వేరు చేసి మెడలో పసుపు తాడు కట్టింది. "గిది తల్లిది" అనేది, దాన్ని నిమురుతూ.

తొమ్మిదింటిలో ఆరు దిట్టమైనవి, మూడు బక్కవి. బక్కవాటిలో ఒకటి మరీ పిట్టంత ఉండేది. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి మాత్రం నలుపు. తొట్టి దగ్గర మిగతావి దాన్ని కుమ్మి తోసేసేవి. నేను నానబెట్టిన శనగలు అరచేతిలో పెట్టి విడిగా తినిపించేదాన్ని. పది రోజుల్లో అది నా చెప్పుల చప్పుడు పట్టేసింది. గేటు తీయగానే మే అని ఒకటే అరుపు. ఒకసారి నా నోట్సు కింద పెట్టి చాయ్ తాగుతుంటే రెండు పేజీలు నమిలేసింది. తిట్టాను గానీ, నా చదువులో ఎవరో ఒకరు భాగం పంచుకున్నారన్న సంతోషం కూడా కలిగింది. అబద్ధమెందుకు, ఆ రోజుల్లో నాకున్న స్నేహితుల లెక్క తీస్తే ఒక అవ్వ, ఒక నల్లచెవిది.

అది నమలకుండా వదిలిన పేజీల్లో చిటుకు రోగం ఉంది. చిటికె వేసినంతలో చంపుతుంది కనుక ఆ పేరు. నెత్తిపిడుగు అని కూడా అంటారు. ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్న వాక్యం ఇది: మందలో బాగా తినేవి, బాగా పెరిగేవి, అందరికన్నా ఆరోగ్యంగా కనిపించేవి ముందు చస్తాయి. దానికి కారణమూ నాకు కంఠతా వచ్చు. ఆ రోగం కలిగించే సూక్ష్మజీవి బయటి నుంచి రానక్కర్లేదు. గొర్రె పేగులోనే కొద్దికొద్దిగా ఉంటుంది, మామూలు రోజుల్లో ఏమీ చేయదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిది. గింజలో, అన్నమో, లేత పచ్చిగడ్డో ఒక్కసారిగా కడుపునిండా పడితే పొట్ట అరిగించుకోలేక కొంత పిండిపదార్థం అలాగే చిన్నపేగులోకి జారుతుంది. అక్కడ అది దొంగకు విందు. కొన్ని గంటల్లో కోట్లకు పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిసి మెదడునూ మూత్రపిండాలనూ కొడుతుంది. ఎక్కువ తిన్నదానికి ఎక్కువ విషం. పక్కకు తోసేసిన బక్కది బతికిపోతుంది.

మందు లేదు. రోగం కనపడేసరికి పని అయిపోతుంది. ఉన్నదల్లా ముందే వేసే టీకా. అదే విషాన్ని కోరలు పీకి ఒంటికి పరిచయం చేయడమన్నమాట. మొదటి సూదితో ఒళ్లు దాన్ని గుర్తుపడుతుంది, రెండు మూడు వారాలకు వేసే రెండో సూదితో దాన్ని ఎదుర్కొనే బలం కూడుతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి, వానలకు ముందు. ఈనబోయే తల్లికి వేస్తే మొదటి రోజుల జున్నుపాలతో పిల్లకు కూడా కొన్ని వారాలు కాపు దొరుకుతుంది. అవ్వ గొర్రెపిల్లలు సంతలో కొన్నవి. తల్లులెవరో, వాటికి సూది పడిందో లేదో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్‌లో నారాయణగూడ పశువుల దవాఖానకు వెళ్లాను. కాలేజీలో నాకన్నా రెండేళ్లు ముందు చదివిన అక్క ఒకామె అక్కడ పనిచేసేది. నా గోడు విని, ఒక టీకా సీసా ఇచ్చి, ఐసుముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో పెట్టి పంపింది. "తెరిచినంక ఆ పొద్దే వాడాలె. మిగిలితే పారబొయ్యి, దాచకు" అని హెచ్చరించింది. ఎండలో ఫ్లాస్కును చంటిపిల్లలా పట్టుకుని నడిచొచ్చాను.

అవ్వ సూది చూడగానే చేతులు అడ్డం పెట్టింది.

"గీ మూడింటికి ఏయి బిడ్డా" అంది బక్కవాటిని చూపించి. "నీరసంగున్నయి. దిట్టంగున్నదానికి దవా ఎందుకు?"

"ఇది నీరసానికి కాదవ్వా. దిట్టంగున్నవాటికే ముందు కావాలె."

"ఏం మాటనే? మంచిగ ఉరుకుతున్నదానికి సూదేస్తే జెరమొస్తది, పెరుగుడు ఆగుతది. నేను పుట్టినకాడికెల్లి గొర్లల్లనే ఉన్న. రోగం బక్కదానికొస్తది గని బలమైనదానికొస్తదా?"

"అవ్వా, జర ఇను..."

"తల్లిదాన్ని ముట్టకు" అంది. గొంతు మారింది. "పసుపు తాడు కట్టినంక దానికి ఇనుము గుచ్చొద్దు."

నేను ఇంకా వాదించాలి. ఎర్ర గీత గీసిన వాక్యం చదివి వినిపించాలి. కాళ్లయినా పట్టుకోవాలి. కానీ అవ్వ ముఖం ముడుచుకుంది, చాయ్ గ్లాసు పక్కన పెట్టేసింది, ఆ ముఖంతో రేపు నన్ను రానివ్వదేమోనని నాకు భయమేసింది. ఉన్న ఒక్క గడప పోగొట్టుకోవడమా అనుకున్నాను. నిజానికి బాగా నీరసించిన జీవికి టీకా వేయకూడదని కూడా పుస్తకంలో ఉంది. ఆ మూడూ బక్కవే గానీ జ్వరం, చీమిడి ఏమీ లేవు, అందుకని వేశాను. చర్మం కింద, మూడింటికీ. నల్లచెవిది ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ నా చేయి నాకింది.

సీసాలో మందు చాలా మిగిలింది. మిగతా ఆరింటికి సరిపోయి ఇంకా ఎక్కువే. గేటు బయట మోరీలో పారబోశాను. మూడు వారాలకు మళ్లీ ఫ్లాస్కు, మళ్లీ అవే మూడింటికి రెండో సూది, మళ్లీ మోరీ. రెండోసారి వాదించను కూడా లేదు. చాయ్ తాగి వచ్చేశాను.

మే నెలంతా చిక్కడపల్లి, నారాయణగూడ ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లు. మిగిలిన అన్నాన్ని వంటవాళ్లు బకెట్లలో అవ్వకు ఇచ్చేవాళ్లు. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా, గడ్డితో కలిపి పెట్టేది. నేను కూడా ఎక్కువ వద్దని చెబుతుండేదాన్ని, వినేది. పిల్లలు మెరిసిపోయాయి. నల్లచెవిది మాత్రం అందరినీ ఆశ్చర్యపరిచింది. జూన్ వచ్చేసరికి ఒళ్లు నిండి, మెడ బలిసి, ఒకప్పుడు తనను కుమ్మినవాటిని ఇప్పుడు తనే కుమ్ముతోంది. తొట్టి మధ్యలో తలదూర్చి తింటోంది. "నీ శెనిగల బలం" అని అవ్వ నవ్వేది.

జూన్ ఆఖరులో రెండు జల్లులు పడి ప్లాటంతా లేత గడ్డి మొలిచింది. ఆషాఢం వచ్చేస్తోంది, ఇంకో నెల దాకా ముహూర్తాలుండవని ఆఖరి రోజుల్లో హాళ్లన్నిటిలో పెళ్లిళ్లు. ఆ శుక్రవారం మధ్యాహ్నం అవ్వకు నాలుగు బకెట్ల అన్నం వచ్చింది. బోనాలు దగ్గరకొచ్చాయి, ఇక నెల దాకా ఇంత అన్నం ఎక్కడ దొరుకుతుందని ఆమె మొత్తం తొట్టిలో పోసింది. నేను ఆ రోజు గ్రంథాలయంలో ఉన్నాను. ఉంటే ఆపేదాన్నా? ఆపేదాన్నని అనుకోవడం నాకిష్టం.

శనివారం పొద్దున గేటు తీసేసరికి అరుపు లేదు. నల్లచెవిది గోడవారన నిలబడి నన్నే చూస్తోంది. పాకలో తల్లిది, ఆ గోధుమరంగుది, పక్కకు పడి ఉంది. మెడ వెనక్కి వంగి, కాళ్లు బిగుసుకుని, పసుపు తాడు మాత్రం కొత్తగా. అవ్వ దాని పక్కన కూర్చుని ఏడవకుండా చూస్తోంది.

"పండుకునేటప్పుడు మంచిగుండె" అంది. "తల్లికి కోపమొచ్చింది. మొక్కు ఆలస్యం చేసిన గదా. నా చేత ఇప్పించుకోను అని తానే గుంజుకున్నది."

నేను మాట్లాడేలోపే రెండోది మొదలైంది. మేస్తున్నది మేస్తున్నట్టే తూలింది, ముందుకాళ్లు విడదీసి నిలబడింది, పడిపోయింది. తల వెనక్కి, వీపు వైపుకు లాక్కుపోయింది. నాలుగు కాళ్లూ గాలిలో ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. పళ్లు కొరికింది. నేను దాని తల ఒళ్లో పెట్టుకున్నాను, అంతే, ఇంకేం చేయగలను? ఐదేళ్లు చదివిన చదువు ఒళ్లో పెట్టుకోవడానికి పనికొచ్చింది. అరగంట కూడా పట్టలేదు.

"ఏమైందో చూస్త అవ్వా. ఒక్కదాన్ని కోసి చూస్త" అన్నాను.

తల్లిదాన్ని ముట్టనివ్వలేదు. పసుపు కుంకుమ చల్లి గోతిలో పెట్టాలంది. రెండోదానికి మాత్రం తలూపింది. కటికాయనకు అమ్మేద్దామా అని అడగలేదు, అందుకు ఆమెకు ఇప్పటికీ దండం పెడతాను. వేపచెట్టు కింద గోనెపట్ట పరిచి కోశాను. గుండె చుట్టూ తిత్తిలో ఎండుగడ్డి రంగు నీరు, చిన్నపేగు ఎర్రగా ఉబ్బి ఉంది, మూత్రపిండాలు వేలితో నొక్కితే మెత్తగా దిగబడ్డాయి. వట్టి అజీర్ణమైతే ఒకటి రెండు రోజులు మూలుగుతాయి, ఇంత తొందరగా పోవు. నాకు అనుమానం లేదు. కానీ అవ్వకు కావాల్సింది నా నమ్మకం కాదు.

అప్పుడు ఇంటాయన గుర్తొచ్చాడు. మా ఇంటి యజమాని, రిటైరైన గుమాస్తా, షుగర్ మనిషి. రోజూ పొద్దున గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు తన మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగించి, రంగు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకునేవాడు. ఈ రోగంలో విషం గొర్రె కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి తోసేస్తుంది, అది మూత్రంలో దిగుతుంది. చచ్చినదాని మూత్రాశయం నుంచి సిరంజిలో తీసుకుని, అవ్వను వెంటబెట్టుకుని ఇంటాయన తలుపు కొట్టాను.

"గొర్రెదా?" అన్నాడు. "నా గొట్టంలనా? నేను మనిషినమ్మా!"

"కడిగిస్త సార్. వేడినీళ్లతోని కడిగిస్త."

అవ్వ ముఖం చూసి ఆయన పక్కకు జరిగాడు. నీలం మందు మరిగింది. ఎనిమిది చుక్కలు పడ్డాయి. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత ఇటుకరంగు. ఇంటాయన కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి వచ్చి చూశాడు.

"నాకు గూడ ఇంత ఎర్రగ ఎన్నడు రాలే" అన్నాడు గౌరవంగా.

"దీనికి షుగరా?" అంది అవ్వ.

"షుగర్ బీమారి కాదవ్వా. నిన్న తిన్న బువ్వ కడుపుల విషమైంది. గా విషం చేసిన పని ఇది. తల్లి కోపం కాదు."

అవ్వ గొట్టం వైపు చాలాసేపు చూసింది. మెట్లు దిగేటప్పుడు "బువ్వ నేనే పెట్టిన" అంది. నేను గుంజుకొచ్చి చూపించిన నిజం ఆమె మీదే పడిందని అప్పుడు తెలిసింది. దేవత కోపమైతే కనీసం దేవతది. నిజానికి తప్పులో సగం నాదే, మోరీలో పోసిన సగం. ఆ మాట చెప్పే ధైర్యం ఆ రోజు నాకు రాలేదు.

అన్నం, గింజలు అన్నీ ఆపించాను. పచ్చిగడ్డి మీదికి పోకుండా కట్టించి ఎండుగడ్డి వేశాం. నారాయణగూడకు పరుగెత్తి సీసా తెచ్చి, మిగిలిన నాలుగు బలమైనవాటికి మొదటి సూది వేశాను. ఈసారి అవ్వ అడ్డం రాలేదు. కానీ మర్నాడు పొద్దున ఇంకొకటి చచ్చింది.

"సూదేసినా పాయె గదా" అంది అవ్వ.

"సూది పనిచేయాలంటే దినాలు పడతది అవ్వా. దాని కడుపుల విషం అప్పటికే..."

"ఇగ రాకు బిడ్డా. నువ్వొస్తే మంచిగనిపిస్తలేదు."

పన్నెండు రోజులు వెళ్లలేదు. పొద్దున లేచి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఆరు గొర్రెలు కనిపించేవి, లెక్కపెట్టి కూర్చునేదాన్ని. ఆ పన్నెండు రోజుల్లో నేను ఎవరితో మాట్లాడానో గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఎవరూ గుర్తు రారు. ఒకసారి ఆ చిటుకు రోగం పేజీ పైకి చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఆపేశాను. ఎవరిదో గొంతు గదిలో ఉన్నట్టు భయమేసింది.

పదమూడో రోజు కింద నుంచి పిలుపు. "డాక్టరమ్మా!" గేటు దగ్గర అవ్వ.

"నేను మస్తు సోచాయించిన" అంది నేను దిగగానే. "ఆ పొద్దు గా బువ్వ నల్లచెవిది గూడ తిన్నది. నా కండ్లతోని చూసిన. కొట్లాడి తల్లిదాని పక్కన నిలవడి తిన్నది. అది సావలే. నువ్వు సూదేసిన మూడింట్ల ఒక్కటి సావలే."

"మిగతా రెండు ఎక్కువ తినలేదవ్వా, అవి చిన్నయి" అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. "గని నల్లచెవిది తిన్నది."

"గదే అంటున్న. రెండో సూది ఎప్పుడేస్తవు?"

అప్పుడు చెప్పాను, ఏప్రిల్‌లో నేను గట్టిగా నిలబడి ఉంటే మూడూ బతికేవని, మందు మోరీలో పోశానని. అవ్వ విని, "నేనే ఏయనియ్యకపోతిని" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మూడు వారాలు నిండగానే మిగిలిన మూడు బలమైనవాటికీ రెండో సూది వేశాను. వేసి, సీసా మీద రాసి ఉన్నదీ పుస్తకంలో ఉన్నదీ గుర్తుంచుకుని, బాధ్యతగా ఒక మాట చెప్పాను: "ఈ మూడింటిని ఇంకో మూడు వారాలు కోయొద్దు అవ్వా. సూది పడ్డ మాంసం తినొద్దు." నా డాక్టరీ చూసుకుని నాకే ముచ్చటేసింది. మా బస్తీ బోనాలు ఆ వచ్చే ఆదివారమని నాకు తెలుసు. తెలిసి కూడా తట్టలేదు.

అవ్వ తలూపింది. ఒక్కొక్కదాన్నీ చూసింది. మొక్కు మందలో అందరికంటే ముందు నిలిచేదాన్ని ఇస్తానని. ఈ మూడూ కోయకూడదు. మిగిలినవి ఎప్పుడో వేసవిలో సూది పడ్డ మూడు. వాటిలో రెండు ఇంకా బక్కవే.

"మరి ముందు నిలిచేది గిదే గదా" అంది, నల్లచెవిదాని వీపు మీద చేయి వేసి.

ఇది వద్దు అని అనొచ్చు. ఏ హక్కుతో? ఆమె కంటిచూపు దాని మీద ఆధారపడి ఉంది. అది సూది గడువు ఎప్పుడో దాటిన జీవి, ఆరోగ్యమైనది, నేనే సాక్ష్యం. అది నా అరచేతిలో శనగలు వెతుక్కుంటోంది. ఖాళీ చేయి నాకించి వచ్చేశాను.

ఆదివారం నేను కిందికి దిగలేదు. పొద్దుటి నుంచి సందులో డప్పులు, బోనాలెత్తుకుని ఆడవాళ్లు, వేపరెమ్మల వాసన. కిటికీ మూసి, దుప్పటి కప్పుకుని, మధ్యాహ్నం దాకా పడుకున్నాను. రేకుల కింద ఉక్క. నిద్ర రాలేదు. డప్పుల దరువు ఒక్కసారిగా పెరిగినప్పుడు చెవులు మూసుకున్నాను, తర్వాత తగ్గింది.

మూడు దాటాక మెట్ల మీద చప్పుడు. ఒక్కో మెట్టుకూ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఒక మెట్టు. క్యారియర్ మనిషి ఎక్కని మెట్లు. తలుపు తీస్తే అవ్వ, నుదుట పెద్ద కుంకుమబొట్టు, చేతిలో విస్తరాకు మూసిన స్టీలు గిన్నె.

"మొక్కు తీరింది బిడ్డా" అంది, గడప మీదే కూర్చుంటూ. "తల్లి సంతోషపడ్డది. నీ సూది లేకుంటే ఈ ఏడు గూడ నా చెయ్యి ఖాళీనే. అందుకే ముందుగాల నీకే తెచ్చిన. ఇంకా ఎవరూ తినలే."

గిన్నెలో అన్నం, పైన కూర. ఆవిరి వస్తోంది. రెండేళ్లలో ఆ గదిలోకి వచ్చిన మొదటి వేడి అన్నం అది, నా కోసం మూడంతస్తులు ఎక్కిన మొదటి మనిషి ఆమె. వద్దంటే ఆమె మళ్లీ ఎక్కదు. అది కాదు అసలు సంగతి. వద్దంటే ఆమె కళ్ల మొక్కును ఎంగిలి చేసినట్టు.

చేయి కడుక్కుని కూర్చున్నాను. అవ్వ నా ముఖం చూస్తూ, పొర తొలగిన ఆ కళ్లతో నేను ముద్ద కలపడం చూస్తూ, సంతోషంగా చెప్పుకుపోయింది.

"మల్లొచ్చే ఏడాది పిల్లలను తెచ్చిన దినమే నిన్ను ఒర్రి పిలుస్త. ముందుగాల బలమైనదానికే ఏయి బిడ్డా. గదానికే ముందుగాల ఏయి."

నేను ఎర్ర సిరాతో గీత గీసుకున్న మాటను ఒక మనిషి నమ్మడం అదే మొదటిసారి. నోట్లో ముద్ద ఉంది. తలూపాను.